ఏడున్నర తర్వాత కొట్టిన బిల్లులు

అందరికీ నమస్కారం. ఇక్కడున్న మనలో ఎక్కువమందిమి గుంటూరు మిర్చి యార్డు మీద ఆధారపడ్డ ఆఫీసులు నడిపేవాళ్లమే. అందుకే మనకు బాగా తెలిసిన ఒక ఈ-వే బిల్లు దగ్గర మొదలుపెడతాను.

మార్చి నెల, మంచి సీజన్. రాత్రి పదకొండున్నరకు లారీ డ్రైవర్ ఫోన్ చేశాడు. నాగ్‌పూర్ వెళ్తున్న సరుకును మహారాష్ట్రలో ఆపారు. బిల్లులో బండి నంబరు ఒకటి, బండి మీద నంబరు ఒకటి. ఒక్క అంకె తేడా. ఒకటి రెండు అంకెల పొరపాటైతే 2018లో వచ్చిన సర్క్యులర్ ప్రకారం వెయ్యి రూపాయల పెనాల్టీతో వదిలేస్తారు. వదిలారు కూడా. కానీ బండి ఒక రాత్రి ఆగిపోయింది, అవతలి వ్యాపారి దగ్గర మాట పడ్డాం.

ఆరు వారాల్లో అది మూడో తప్పు. బిల్లు కొట్టింది మా దగ్గర తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న బిల్లింగ్ క్లర్కు. అంతకుముందు అతని చేతి మీదుగా ఇలాంటి తప్పు ఒక్కటి కూడా పోలేదు. నాకు కోపం వచ్చింది. పొద్దున్నే పిలిచి అడిగేద్దామనుకుని, ముందు మూడు బిల్లులూ తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. ఈ-వే బిల్లు మీద అది తయారైన తేదీ, టైం ఉంటాయి కదా. ఒకటి సోమవారం, ఒకటి బుధవారం, ఒకటి శుక్రవారం. మూడూ రాత్రి ఏడున్నర దాటాక కొట్టినవే. ఆ ఆరు వారాల్లో అతను మంగళ, గురు, శనివారాల్లో కొట్టిన బిల్లుల్లో ఒక్క తప్పు లేదు.

అప్పుడు నా కోపం సగం తగ్గింది. పని మీద శ్రద్ధ పోయినవాడు రోజులు చూసుకుని తప్పు చేయడు.

గదిలో కూర్చోబెట్టి బిల్లులు ముందుంచాను. "ఈ మూడూ తప్పు పోయాయి. తొమ్మిదేళ్లలో ఇలా ఎప్పుడూ లేదు. ఏం జరుగుతోంది?" అని అడిగి ఊరుకున్నాను. ఊరుకోవడం కష్టం. మనకు వెంటనే సలహా ఇవ్వాలనో, ధైర్యం చెప్పాలనో ఉంటుంది. అతను చాలాసేపు బిల్లుల మడతలు సరిచేస్తూ కూర్చుని, తర్వాత చెప్పాడు. భార్యకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. జనవరి నుంచి పెద్దాసుపత్రిలో వారానికి మూడుసార్లు డయాలసిస్. మధ్యాహ్నం మొదలుపెడితే నాలుగు గంటలు పడుతుంది. అయ్యాక ఆమెకు కళ్లు తిరుగుతాయి, ఒక్కతే ఇంటికి పోలేదు. ఆ మూడు రోజులూ భోజనం టైములో వెళ్లి, ఆమెను ఇంట్లో దించి, పిల్లలకు ఏదో పెట్టి, ఏడింటికి మళ్లీ ఆఫీసుకొచ్చి బిల్లులు కొట్టేవాడు. బయట పార్టీల పని మీద తిరుగుతున్నాడని నేను అనుకుంటున్నాను.

"అడ్వాన్సు ఏమైనా కావాలా?" అన్నాను. "డబ్బు కాదు సార్, వైద్యం ఆరోగ్యశ్రీ కింద జరుగుతోంది. నాకు టైమే లేదు" అన్నాడు. నేను ఇవ్వబోయింది అతనికి అక్కర్లేనిది. ఆ మాట వినకపోతే చేతిలో ఇరవై వేలు పెట్టి, సాయం చేశానని సంతోషించి ఉండేవాణ్ణి. అతను మాత్రం ఏడున్నరకు బిల్లులు కొడుతూనే ఉండేవాడు.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. ఇంకో ఆఫీసులో ఉండగా ఒకాయనకు ఇంట్లో పెద్ద కష్టం వస్తే, ఆయన పనిని పక్క సీటులో ఉన్న అమ్మాయికి ఇచ్చేశాను. కారణం చెప్పలేదు, ఎన్నాళ్లో చెప్పలేదు, నువ్వు చేయగలవా అని అడగలేదు. నాలుగు నెలలకు ఆమె మానేసింది. వెళ్లేటప్పుడు, "ఆయన కష్టం నాకూ తెలుసు సార్. నా ఇంటి సంగతి మాత్రం మీరు ఒక్కసారీ అడగలేదు" అంది. ఆమె తల్లి మంచాన ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఒకరి మీద నేను చూపించిన దయ ఖర్చంతా ఆ అమ్మాయి కట్టింది.

అందుకే ఈసారి ముందు లెక్క వేశాను. బిల్లింగ్ సాయంత్రం పని, ఎందుకంటే పొద్దున యార్డులో కొనుగోళ్లు, కాటాలు అయ్యాక టిక్కీలు లోడయ్యేది అప్పుడే. కొనుగోలు లెక్కలు సరిచూడటం, స్టాకు రిజిస్టరు రాయడం ఎప్పుడైనా చేయొచ్చు. కాబట్టి సోమ, బుధ, శుక్రవారాల్లో అతను ఎనిమిదింటికి వచ్చి పన్నెండున్నరకు వెళ్లిపోతాడు. స్టాకు రిజిస్టరు అతనికి. అది రాస్తున్న అమ్మాయికి ఆ మూడు సాయంత్రాల బిల్లింగ్. రోజుకు మూడున్నర గంటల చొప్పున వారానికి పదిన్నర గంటలు తగ్గుతాయి. మిగతా మూడు రోజులు గంట ఎక్కువ ఉంటానన్నాడు. ఇంకా ఏడున్నర గంటలు మిగిలింది, అంటే దాదాపు ఒక రోజు. వారానికి ఒక సెలవు ఖాతాలోంచి తీసుకుందామని ఒప్పుకున్నాం. అతనికి పదకొండు సెలవులున్నాయి. ఈ ఏర్పాటు ఎనిమిది వారాలకే అనుకున్నాం, అంటే ఎనిమిది పోతాయి.

తర్వాత ఆ అమ్మాయిని విడిగా అడిగాను. చిన్న బాబు ఉన్నాడు, శుక్రవారం ఆరు దాటి ఉండలేనంది. శుక్రవారం డిస్పాచ్ కుర్రాడు ఒప్పుకున్నాడు. ఆరు దాటిన ప్రతి గంటకు ఇద్దరికీ రెట్టింపు కూలి అని కాగితం మీద రాశాను. ఎనిమిది వారాలు పూర్తయ్యే తేదీ కూడా రాశాను. తేదీ లేకపోతే, సాయం చేసేవాళ్లకు అది సాయంలా ఉండదు, నెత్తిన పడ్డ పనిలా ఉంటుంది.

మిగతావాళ్లకు ఏం చెప్పాలో అతన్నే అడిగాను. "ఇంట్లో ఆరోగ్యం బాగోలేదు, మూడు రోజులు సాయంత్రం ఉండడు అని చెప్పండి సార్, అంతే చాలు" అన్నాడు. అంతే చెప్పాను. జబ్బు పేరు నేను చెప్పలేదు. చెప్పుంటే రోజూ పదిమంది పరామర్శించేవారు, అది భరించడం ఇంకో పని.

బండి నంబరు సంగతికి వేరే ఏర్పాటు చేశాం. లోడింగ్ దగ్గర నంబరు ప్లేటు ఫొటో తీసి పంపాలి, బిల్లు కొట్టాక ఇంకొకరు ఫొటో చూస్తూ నంబరు పైకి చదవాలి. ఇది అందరి బిల్లులకూ పెట్టాను. అతని బిల్లులకే పెట్టుంటే తొమ్మిదేళ్ల మనిషిని అనుమానించినట్టయ్యేది.

ఐదో వారంలో ఒక మంగళవారం బిల్లులో బస్తాల లెక్క తప్పింది. ఆ రోజు ఆసుపత్రి లేదు, సాయంత్రం హడావిడీ లేదు. ఫొటో చూసి నంబరు చదివారు గానీ లెక్క ఎవరూ చూడలేదు. డిస్పాచ్ కుర్రాడు బండి దగ్గర పట్టుకున్నాడు కాబట్టి, ఇరవై నాలుగు గంటల్లోపే బిల్లు రద్దు చేసి కొత్తది తీశాం. అతనితో చూసీచూడనట్టు ఊరుకోవాలనిపించింది. కానీ అదే తప్పు ఆ అమ్మాయి చేస్తే పిలిచి మాట్లాడేవాణ్ణి. అందుకే అతన్నీ పిలిచాను. "రాత్రి నిద్రపోలేదు సార్" అన్నాడు. "నిద్రలేని రోజు పొద్దున్నే నాకు చెప్పు, ఆ రోజు బిల్లింగ్ వద్దు. చెప్పకుండా కూర్చుంటే మాత్రం తప్పు నీదే" అన్నాను. ఆ తర్వాత రెండుసార్లు చెప్పాడు.

ఎనిమిది వారాలు అయ్యాయి. డయాలసిస్ మాత్రం కిడ్నీ మార్చేదాకా ఆగేది కాదు. సెలవులు మూడే మిగిలాయి. మనలో చాలామందిమి ఇక్కడే మాట దాటేసి, పాత ఏర్పాటునే ఇంకో నెల, ఇంకో నెల అంటూ లాగుతాం. మేం ముగ్గురం కూర్చున్నాం. బిల్లింగ్ చూసేవారికి నెలకు రెండున్నర వేలు అలవెన్సు ఉంది. బిల్లింగ్ పూర్తిగా వదిలేసి కొనుగోలు లెక్కలకు మారతానని అతనే అన్నాడు, పొద్దున ఏడింటికే వస్తానన్నాడు. అలవెన్సు పోతుందని గుర్తుచేశాను. "చేసేవాళ్లకే వెళ్లాలి కదా సార్" అన్నాడు. జీతం తగ్గించలేదు.

శుక్రవారం సాయంత్రాలు ఇప్పటికీ డిస్పాచ్ కుర్రాడివే. మిగతా బిల్లింగ్ అంతా ఆ అమ్మాయి చూస్తోంది. మొదటి వారం ఆమె పక్కన కూర్చుని, ఏ పార్టీకి పిన్‌కోడు ఎక్కడ తప్పు పడుతుందో ఒక నోటుపుస్తకంలో అతనే రాసిచ్చాడు. అది ఇప్పటికీ ఆమె టేబుల్ మీదే ఉంది.