దావీదు ఏ క్షణంలో ఉన్నాడు?

శ్రోతలందరికీ నమస్కారం.

పాశ్చాత్య కళాచరిత్ర చదివేవారు పరీక్షల ముందు ఒక శైలుల పట్టిక తయారు చేసుకుంటారు. మొదటి గడిలో కాలం, రెండో గడిలో ఆ కాలపు ముఖ్య లక్షణాలు, మూడో గడిలో మునుపెన్నడూ చూడని శిల్పమో చిత్రమో ఎదురైనప్పుడు అది ఏ కాలానిదో పోల్చుకోవడానికి ఆనవాళ్లు రాసుకుంటారు. నేను చూసిన పట్టికల్లో చాలావాటిలో రెండో గడి నిండుగా ఉంటుంది, మూడో గడి వెలవెలబోతూ ఉంటుంది. పునరుజ్జీవన కాలం ఎదుట ‘సమతూకం, ప్రశాంతత’ అనీ, ఆ తర్వాత పదిహేడో శతాబ్దంలో వికసించిన బరోక్ శైలి ఎదుట ‘నాటకీయత, ఉద్వేగం’ అనీ రాసి ఊరుకుంటారు. ఆ మాటలు తప్పని నేను అనను. అయితే అవి మన మనసులో కలిగిన భావానికి పేర్లే తప్ప రాతిలో కంటికి కనబడే గుర్తులు కావు. ఆ మూడో గడిని ఎలా నింపాలో చెప్పడానికి నాకు ఎంతో ఇష్టమైన ఒక ఉదాహరణ తీసుకుంటాను.

బైబిల్లోని దావీదు కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గొర్రెలు కాచుకునే కుర్రవాడు వడిసెలతో ఒక్క రాయి విసిరి, గొల్యాతు అనే మహాకాయుణ్ణి పడగొట్టి, వాడి కత్తితోనే వాడి తల నరుకుతాడు. ఈ ఒక్క కథనే ముగ్గురు ఇటలీ శిల్పులు మూడు వేర్వేరు కాలాల్లో మలిచారు. కథ మారలేదు, మనిషి మారలేదు. కాబట్టి మారినదంతా శైలే.

మొదటివాడు డొనాటెల్లో. ఆయన కంచులో పోసిన దావీదు ఫ్లోరెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలో ఉంది. ఎత్తు దాదాపు 158 సెంటీమీటర్లు. తలపై టోపీ, కాళ్లకు పాదరక్షలు తప్ప ఒంటిపై వస్త్రం లేదు. ఒక చేయి నడుముపై ఉంది, మరో చేతిలో కత్తి, పాదం కింద గొల్యాతు తల ఉన్నాయి. యుద్ధం ముగిసింది. దావీదు తల వంచి, తనలో తాను ఏదో తలచుకుంటున్నట్టు నిలుచున్నాడు. ఇది పదిహేనో శతాబ్దపు మధ్యకాలానిది. కచ్చితమైన సంవత్సరం మీద పండితులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు, కాబట్టి పట్టికలో ఒక్క సంవత్సరం కాకుండా ‘శతాబ్ది మధ్యభాగం’ అని రాసుకోవడమే క్షేమం.

రెండోవాడు మికెలాంజెలో. 1501 నుంచి 1504 వరకు శ్రమించి, 5 మీటర్లకు పైగా ఎత్తున్న దావీదును పాలరాతిలో చెక్కాడు. అంతకు ముందే వేరొక శిల్పి మొదలుపెట్టి వదిలేసిన రాతిదిమ్మె అది. వెడల్పు తక్కువ కావడంతో శిల్పి స్వేచ్ఛకు ముందే హద్దు పడింది. ఇక్కడ గొల్యాతు తల లేదు, ఎందుకంటే యుద్ధం ఇంకా జరగలేదు. బరువంతా కుడికాలి మీద మోపి, ఎడమకాలిని సడలించి, వడిసెలను ఎడమ భుజం మీదుగా వేసుకుని, దావీదు తల పక్కకు తిప్పి చూస్తున్నాడు. దగ్గరగా చూస్తే కనుబొమల మధ్య ముడి పడి ఉంటుంది, కుడిచేతి వెనుక నరాలు ఉబ్బి ఉంటాయి. ఒళ్లు స్థిమితంగా ఉన్నా లోపల ఆలోచన బిగుసుకుంటోందని ఆ రెండు చోట్లే చెబుతాయి.

మూడోవాడు బరోక్ శిల్పి బెర్నీని. 1623, 1624 సంవత్సరాల్లో, పాతికేళ్లయినా నిండీ నిండని వయసులో, కార్డినల్ షిపియోనె బోర్గేసె కోసం ఆయన చెక్కిన దావీదు నేటికీ రోమ్‌లోని బోర్గేసె గ్యాలరీలో ఉంది. నా కథంతా ఈ దావీదు కోసమే. ఇతను నిలబడి లేడు. కాళ్లు ఎడంగా పెట్టి, నడుమును మెలితిప్పి, వడిసెలను రెండు చేతుల మధ్య బిగించి లాగి పట్టుకున్నాడు. మరుక్షణం రాయి ఎగిరిపోతుంది. నుదురు ముడుచుకుంది, పెదవులు లోపలికి బిగించి నొక్కిపెట్టాడు. బరువైన పని చేసేటప్పుడు మనం తెలియకుండానే పెదవులు బిగించుకుంటాం, సరిగ్గా అలాగే. తొడుక్కోకుండా విడిచిపెట్టిన కవచం కాళ్ల దగ్గర పడి ఉంది, పక్కనే అతను వాయించే హార్ప్ కూడా ఉంది. ఇప్పుడు అతని చూపు వెంట మీరూ చూడండి. అక్కడ గొల్యాతు బొమ్మ లేదు. ఉన్నది మనం నిలబడిన ఖాళీ స్థలం. గొల్యాతు మన పక్కనో మన వెనకనో ఉన్నాడన్నమాట. శిల్పం దిమ్మెతో ఆగిపోకుండా గదిలోకి వచ్చేసింది.

ఒకడు యుద్ధం ముగిశాక, ఒకడు యుద్ధానికి ముందు, ఒకడు యుద్ధం మధ్యలో ఉన్నారు. కాబట్టి మూడో గడిలో ‘నాటకీయత’ అన్న మాట కొట్టేసి ఇలా రాసుకోండి: శరీరం బరువు ఎక్కడ ఆనింది? పని ఏ క్షణంలో ఉంది? చూపు ఎక్కడ ఆగింది, శిల్పం లోపలా, మన వైపా? వీటికి జవాబు కంటితోనే చెప్పవచ్చు.

ఈ ఆనవాళ్లకు హద్దులున్నాయని కూడా చెప్పాలి. క్షణం ఒక్కటే చూసి తీర్పు చెబితే దెబ్బతింటాం. అదే బోర్గేసె గ్యాలరీలో కరవాజ్జో గీసిన దావీదు చిత్రం ఉంది. అందులోనూ యుద్ధం ముగిసింది, తెగిన తల దావీదు చేతిలో ఉంది. క్షణం డొనాటెల్లోదే కదా అని దాన్ని పదిహేనో శతాబ్దంలో పడేస్తే తప్పు. చుట్టూ కటిక చీకటి, ఒక పక్క నుంచి పడిన వెలుగు, జుట్టు పట్టి మన వైపు చాచిన ఆ తల, ఇవన్నీ బరోక్ గుర్తులే. చిత్రం విషయంలో వెలుగు ఎటు నుంచి పడుతోందన్న ప్రశ్న తప్పక కలపాలి.

ఇంకా పెద్ద చిక్కు లావోకూన్ శిల్పంతో వస్తుంది. వాటికన్‌లో ఉన్న ఈ శిల్పంలో ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు పాముల చుట్టల్లో పెనుగులాడుతుంటారు. మెలితిరిగిన ఒళ్లు, తెరిచిన నోరు, వేదన చూసి చదువుకున్నవారు కూడా తొందరపడి బరోక్ అంటారు. అయితే ఇది 1506లో రోమ్‌లో భూమిలోంచి బయటపడింది, అంటే బెర్నీని పుట్టడానికి తొంభై ఏళ్లకు పైగా ముందు. హెలెనిస్టిక్, అంటే అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు సంప్రదాయానికి చెందిన పురాతన శిల్పం. తేడా ఎలా పట్టాలి? మళ్లీ చూపు వెంటే వెళ్లండి. తండ్రి తల పైకెత్తాడు, ఒక కొడుకు తండ్రి వైపు చూస్తున్నాడు. శత్రువైన పాము కూడా వారి మధ్యనే ఉంది. పోరాటం ఆ గుంపులోనే పుట్టి ఆ గుంపులోనే ముగుస్తుంది. బెర్నీని దావీదుకు శత్రువు బయట ఉన్నాడు, మన స్థలంలో ఉన్నాడు.

అందుకే పట్టికలో నాలుగో గడి ఒకటి గీసుకుని, దానిపైన ‘దేనితో పొరబడతాం’ అని రాయమంటాను. బరోక్ వరుసలో ఆ గడిలో ఇలా ఉండాలి: హెలెనిస్టిక్‌తో పొరబడతాం, ఒంటి మెలిక రెండింటిలోనూ ఉంటుంది, కాబట్టి మెలికను నమ్మకుండా శత్రువు ఎక్కడున్నాడో వెతకాలి.