సర్దిన బ్యాగును ఒకసారి విప్పండి

శ్రోతలకు నమస్కారం. రేడియో దగ్గర పిల్లలుంటే కాస్త ముందుకు రమ్మనండి. ఈ మాటలు వాళ్లకే.

రేపు పొద్దున్నే మా స్కౌట్ ట్రూప్ విశాఖపట్నంలో అరకు రైలెక్కుతోంది. మూడు రాత్రులు టెంట్లలో పడుకుంటాం. డిసెంబరు నెల. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. విశాఖలో ఫ్యాను వేసుకుని పడుకునే పిల్లలు అక్కడ రాత్రి పది డిగ్రీల చలిలో, ఒక్కోసారి అంతకంటే తక్కువలో పడుకోవాలి. అందుకని బయల్దేరే ముందురోజు సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి కిట్టు గురించి ఓ పావుగంట మాట్లాడతాను. ఇవాళ ఆ మాటలే మీకూ చెబుతాను. క్యాంపుకు వెళ్లేది మీరు కాకపోయినా ఏదో ఒక ఎక్స్‌కర్షన్‌కైనా వెళ్తారు కదా.

నేను మొదట అడిగేది ఒకటే. "మీ బ్యాగు ఎవరు సర్దారు?"

సగం మంది తలలు దించుకుంటారు. అమ్మ సర్దింది, నానమ్మ సర్దింది, ఒకడికైతే అక్క సర్దింది. అమ్మ సర్దితే తప్పేం లేదు, మనకంటే చక్కగా మడతలు పెడుతుంది. చిక్కల్లా ఏమిటంటే అమ్మ క్యాంపుకు రాదు. టార్చి ఏ అరలో ఉందో అమ్మకు తెలుసు, మీకు తెలీదు.

నా మొదటి క్యాంపులో నాకిదే జరిగింది. అప్పుడు ఆరో తరగతి. రాత్రి బయటికి వెళ్లాల్సొచ్చి బ్యాగులో చెయ్యి పెట్టాను. టార్చి అడుగున ఎక్కడో ఉంది. చీకట్లో ఒక్కో బట్టా తీసి టెంటు బయట గడ్డి మీద పెట్టుకుంటూ పోయాను. టార్చి దొరికింది కానీ వెలగలేదు. బ్యాగులో బట్టల ఒత్తిడికి స్విచ్ నొక్కుకుపోయి, దారిలోనే సెల్లులు అయిపోయాయి. తెల్లారేసరికి గడ్డి మీది బట్టలన్నీ మంచుకు తడిసి ముద్దయ్యాయి. మిగిలిన రెండు రోజులూ ఆ తడి చొక్కాలతోనే గడిపాను.

అందుకే చెబుతున్నా, సర్దిన బ్యాగును ఇవాళ రాత్రి ఒకసారి పూర్తిగా విప్పండి. నేల మీద ఓ పాత దుప్పటి పరిచి అన్నీ దాని మీద పెట్టండి. బట్టలన్నీ ఒకచోట, సామాన్లన్నీ ఒకచోట అని కాదు. ఎప్పుడు కావాలి అన్నదాన్ని బట్టి పెట్టండి. రైల్లో కావాల్సినవి ఒక కుప్ప. దిగగానే కావాల్సినవి ఒకటి. చీకటి పడ్డాక కావాల్సినవి ఒకటి. మిగతావన్నీ ఇంకో కుప్ప. మళ్లీ సర్దేటప్పుడు ఆ మిగతా కుప్ప అడుక్కి పోతుంది, చీకటి కుప్ప పైకొస్తుంది. రైల్లో కావాల్సినవి చిన్న సంచిలో వేసుకుని ఒళ్లో పెట్టుకోవాలి. ఆ దారిలో 50కి పైగా సొరంగాలున్నాయి. సొరంగం రాగానే పెట్టెంతా కేకలు పెడతారు, ఆ గోలలో సీటు కింద దూరి బ్యాగు తియ్యడం ఎవరి వల్లా కాదు.

దుప్పటి మీద పెట్టిన ప్రతి వస్తువునూ పని చేయించి చూడండి. ఉందా లేదా అని చూస్తే సరిపోదు.

టార్చి వేసి ఓ పది నిమిషాలు వదిలెయ్యండి. పది నిమిషాల తర్వాత కాంతి పచ్చబడితే సెల్లులు మార్చాలి. రెండు సెల్లుల టార్చి అయితే ఒక సెల్లును తిరగేసి పెట్టి ప్రయాణం చెయ్యండి. స్విచ్ నొక్కుకున్నా కరెంటు పారదు. అరకులో దిగాక సరిగ్గా పెట్టుకోవాలి. అది మాత్రం సాయంత్రం వెలుతురుండగానే చెయ్యండి, చీకటి పడ్డాక కాదు! ఛార్జింగ్ టార్చి అయితే నిండా ఛార్జి పెట్టి, స్విచ్ మీద చిన్న టేపు ముక్క అంటించండి.

నీళ్ల సీసా నింపి, మూత బిగించి, పాత పేపరు మీద తలకిందులుగా నిలబెట్టండి. ఓ పావుగంట తర్వాత పేపరు తడిస్తే ఆ సీసా క్యాంపుకు రాదు. అది కారితే తడిసేది మీ రగ్గే.

బూట్లు సాక్సుతో సహా తొడుక్కుని మేడమెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగండి. బూట్లను నేను అసలు నమ్మను. ఏడాదిగా అటక మీద పడున్న బూట్లు చూడ్డానికి కొత్తగానే ఉంటాయి, లోపల గమ్ము ఎండిపోయి ఉంటుంది. ముందు భాగాన్ని చేత్తో వంచితే అట్టకూ సోలుకూ మధ్య సందు కనిపిస్తుంది. ఆ సందులో మీ గోరు దూరితే, కొండెక్కేటప్పుడు సోలు నోరు తెరుస్తుంది. ఇవాళ కనిపెడితే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరికి వెళ్లి కుట్టించుకోవచ్చు. ఇంకోమాట, క్యాంపు కోసమని నిన్న కొన్న కొత్త బూట్లు కూడా వద్దు. మడమ మీద బొబ్బ లేస్తే రెండో రోజు నుంచి మీరు టెంటు కాపలాయే.

ఇక చలి సంగతి. తల్లిదండ్రులు కూడా దీన్ని కాస్త వినాలి. ఎవర్ని చూసినా కప్పుకోవడానికి రెండు రగ్గులు పెడతారు, కింద పరుచుకోవడానికి పల్చటి దుప్పటి ఒకటి. టెంటులో ఒంట్లో వేడిని ముందు లాగేసేది నేల. మీరు పడుకున్నప్పుడు కింది బట్ట మీ బరువుకు అణిగిపోతుంది, అందులో గాలి మిగలదు. గాలి లేని బట్ట చలిని ఆపలేదు. అందుకే కిందికి జంపఖానా గానీ బొంత గానీ ఉండాలి, దాని కింద పాత పేపర్లు నాలుగైదు పొరలు. పేపర్లకు బరువూ లేదు, ఖర్చూ లేదు.

దీనికి తోడు రాత్రి జత అని ఒకటుంటుంది. ఒక ప్యాంటు, ఒక చొక్కా, స్వెట్టర్, పొడి సాక్సు, మంకీ క్యాపు. వీటిని ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా ముడేసి ఉంచాలి. పగలు ఎంత చలేసినా ఈ కవరు విప్పకూడదు. పగలంతా పరిగెత్తి, చెమట పట్టిన బట్టలతోనే పడుకుంటే అర్ధరాత్రి ఆ చెమటే మిమ్మల్ని వణికిస్తుంది. మంకీ క్యాపు పెట్టుకుంటే ఫొటోల్లో బాగోదని పెద్దపిల్లలు ఇంట్లో వదిలేసొస్తారు. మొదటి రాత్రి పదకొండింటికి తువ్వాలు తలకు చుట్టుకునేదీ వాళ్లే.

ఇప్పుడు బరువు. ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ ఉంటే, ముందు మీరొక్కరే ఎక్కండి, తర్వాత బ్యాగు తగిలించుకుని ఎక్కండి. మా ట్రూప్‌లో నేను పెట్టిన లెక్క, బ్యాగు మీ బరువులో ఐదో వంతు దాటకూడదు. పోయినేడు ఏడో తరగతి కుర్రాడొకడు 36 కిలోలున్నాడు, బ్యాగుతో ఎక్కితే 45. అంటే బ్యాగు తొమ్మిది కిలోలు. వాడి లెక్క ప్రకారం ఏడుకు కాస్త అటూఇటూ ఉండాలి. విప్పించాను. లీటరు నీళ్ల సీసాలు రెండు నిండుగా ఉన్నాయి. ఒకటి తీసేశాం, కిలో తగ్గింది. జీన్స్ ప్యాంటు ఒకటి, అది తడిస్తే ఆ చలిలో మూడు రోజులకూ ఆరదు, దాన్ని తీసేస్తే ఇంకో అరకిలో పైన. స్టీలు డబ్బా నిండా సున్నుండలు. వాటి జోలికి వెళ్తుంటే వాడి మొహం చూడాలి! సున్నుండలు ఉంచి డబ్బా తీసేశాం, కవర్లోకి మార్చాం. చివర్న గణితం గైడు ఒకటి బయటపడింది.

"క్యాంపులో లెక్కలు చేస్తావా నాన్నా?" అన్నాను.

"నాన్నగారు పెట్టమన్నారు సార్" అన్నాడు.

నాన్నగారికి ఫోన్ చేసి ఒప్పించాను. బ్యాగు ఆరున్నరకు దిగింది.

కంచం, గ్లాసు మీద గుర్తు పెట్టుకోండి. మా క్యాంపులో అందరివీ స్టీలు కంచాలే, కడిగి బోర్లిస్తే ఎవరిదేదో తెలీదు. వెనకవైపు గోళ్ల రంగుతో ఓ చుక్కయినా పెట్టండి. ఒకమ్మాయి గృహప్రవేశంలో ఎవరో ఇచ్చిన గ్లాసు తెచ్చింది, దాని మీద ఇచ్చినవాళ్ల తాతగారి పేరు కొట్టించి ఉంది. మూడు రోజులూ ఆ అమ్మాయిని అందరూ ఆ పేరుతోనే పిలిచారు. గ్లాసు మాత్రం పోలేదు.

రోజూ మందులు వేసుకునే పిల్లలు దాన్ని దాచొద్దు. మందు పేరు, ఏ పూట, ఎన్ని అన్నది అమ్మానాన్నలతో కాగితం మీద రాయించి నాకివ్వండి. ఆయాసానికి ఇన్‌హేలర్ వాడేవాళ్లు దాన్ని పెద్ద బ్యాగులో పెట్టొద్దు. జేబులోనో ఒళ్లోని సంచిలోనో ఉండాలి.

అన్నీ సర్దేశాక చివరి పరీక్ష ఇద్దరిద్దరుగా చేసుకోవాలి. మాలో ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఒక జట్టు, దాన్ని పెట్రోల్ అంటాం. బంకులో పోసే పెట్రోల్ కాదండోయ్. 1907లో బేడెన్ పావెల్ ఇంగ్లండులోని బ్రౌన్సీ దీవిలో మొట్టమొదటి క్యాంపు పెట్టినప్పుడే పిల్లల్ని ఇలా నాలుగు పెట్రోళ్లుగా విడదీశాడు. పెట్రోల్ లీడర్ మీ పక్కన కూర్చుని లైటు ఆర్పేస్తాడు. "టార్చి" అంటాడు. మీరు బ్యాగులోంచి ఇంకేమీ బయట పడెయ్యకుండా టార్చి తియ్యాలి. తర్వాత "రాత్రి జత". తర్వాత "సబ్బు". సబ్బు దగ్గర చాలామంది ఓడిపోతారు, ఎందుకో మరి. ఓడిపోతే మళ్లీ విప్పి సర్దుకోవడమే. మీ ఇంట్లో పెట్రోల్ లీడర్ లేకపోతే తమ్ముణ్ణో చెల్లెల్నో కూర్చోబెట్టండి, ఓడించడానికి వాళ్లు ఉత్సాహంగానే ఉంటారు.

మా ట్రూప్ పిల్లలు వింటుంటే, రేపు అయిదింటికి స్టేషన్ బయట గడియారం కింద కలుద్దాం. నేను ఎవరి బ్యాగూ విప్పను. అందర్నీ కళ్లు మూసుకోమని "మంకీ క్యాపు" అంటాను. చూద్దాం ఎన్ని చేతులు పైకి లేస్తాయో.