పెళ్లి భోజనం వికటిస్తే తప్పు ఏ ఐటమ్‌దో ఎలా పట్టుకుంటారు?

హాయ్ అండీ అందరికీ. పెళ్లి భోజనం తిని వంద మంది ఆస్పత్రి పాలయ్యారని వార్త వస్తుంది కదా, మర్నాటికల్లా ఎవరో ఒకరు "చికెన్ వల్లే" అని తేల్చేస్తారు. ఎలా తెలిసింది అంటే, అడ్మిట్ అయినవాళ్లని అడిగాం, అందరూ చికెన్ తిన్నామన్నారు అంటారు. నాకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. జబ్బు పడ్డవాళ్లని మాత్రమే అడిగితే ఏ ఐటమ్ వల్ల అయిందో ఎప్పటికీ తేలదు, అదే భోజనం చేసి హాయిగా ఉన్నవాళ్లని కూడా అడగాల్సిందే.

సరే, ఒక పెళ్లి అనుకుందాం. లెక్కలు నేను వేసుకున్నవే, విషయం అర్థమవడానికి. ఆదివారం మధ్యాహ్నం ఒకటింటికి భోజనాలు. బగారా అన్నం, మటన్ కూర, చికెన్ ఫ్రై, పెరుగు చట్నీ, డబుల్ కా మీఠా. రాత్రి తొమ్మిది నుంచి ఒక్కొక్కరికీ కడుపునొప్పి, విరేచనాలు మొదలయ్యాయి. సోమవారం పొద్దున్నే జిల్లాలో జబ్బుల మీద నిఘా పెట్టే సర్వైలెన్స్ ఆఫీసర్‌కి ఫోన్ వెళ్లింది, టీమ్ బయల్దేరింది.

వాళ్లు ముందు చేసే పని, ఎవరిని కేసుగా లెక్కపెట్టాలో రాసుకోవడం. దీన్నే కేస్ డెఫినిషన్ అంటారు. "ఆ ఆదివారం ఆ ఫంక్షన్ హాల్లో వండిన భోజనం తిని, 72 గంటల లోపు వాంతులు గానీ, ఒక రోజులో మూడు లేదా అంతకంటే ఎక్కువ సార్లు నీళ్ల విరేచనాలు గానీ అయినవాళ్లు." మనిషి, చోటు, టైమ్, లక్షణాలు, నాలుగూ వచ్చేశాయి. "హాల్లో తిన్న" అనకుండా "హాల్లో వండిన" అన్నారు చూడండి, పెళ్లికి రాని పెద్దవాళ్లకి ఇంటికి పార్సిల్ పట్టుకెళ్తారు కదా, వాళ్లు కూడా లెక్కలోకి రావాలి. నిజానికి ఆ పార్సిల్ వాళ్లు బంగారం లాంటి సాక్షులు, ఒకటో రెండో ఐటమ్స్ మాత్రమే తిని ఉంటారు కాబట్టి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. అనుమానం ఉన్న వంటకాన్ని డెఫినిషన్‌లోనే పెట్టేస్తారు, "మటన్ తిని విరేచనాలు అయినవాళ్లు" అని. అలా రాస్తే కేసులన్నీ మటన్ తిన్నవాళ్లే అవుతారు, ఇంక మటన్ తప్పా కాదా అని పరీక్షించడానికి ఏం మిగలదు. ముందే తీర్పు రాసేసి తర్వాత విచారణ చేసినట్టే.

తర్వాత లైన్ లిస్ట్. ఒక్కో మనిషికి ఒక్కో వరుస. వయసు, ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి మొదలైంది, ఏమేం లక్షణాలు, ఏమేం తిన్నారు. ఈ టైమ్ అనేది చాలా ముఖ్యం అండీ, "రాత్రి" అంటే సరిపోదు, "పడుకునే ముందా, నిద్రలోంచి లేచారా" అని గుచ్చి గుచ్చి అడగాలి. ఎందుకంటే గంట గంటకీ ఎంతమందికి మొదలైందో గ్రాఫ్ గీస్తే, ల్యాబ్ రిపోర్ట్ రాకముందే సగం కథ తెలిసిపోతుంది.

మన పెళ్లిలో గ్రాఫ్ ఒకే ఒక్క గుట్టలా లేచి అర్ధరాత్రి దగ్గర శిఖరానికి చేరి, సోమవారం మధ్యాహ్నానికి దిగిపోయింది. అంటే అందరికీ ఒకే పూట, ఒకే చోట అంటుకుంది. తిన్న తర్వాత సుమారు పదకొండు గంటలు. కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు, వాంతులు చాలా తక్కువ, జ్వరం దాదాపు లేదు. తిన్న రెండు మూడు గంటల్లోనే భళ్లున వాంతులైతే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలే విషాన్ని అనుమానించేవాళ్లు. ఒకరోజు గడిచాక జ్వరంతో వస్తే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాని. ఈ పదకొండు గంటలు, జ్వరం లేకపోవడం చూస్తే క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా గుర్తొస్తుంది, పెద్ద గుండిగల్లో వండిన మాంసం కూరలంటే దానికి మహా ఇష్టం.

ఇప్పుడు అసలు విషయం. టీమ్ పెళ్లివాళ్ల దగ్గర అతిథుల లిస్ట్ తీసుకుని, జబ్బు పడ్డవాళ్లూ పడనివాళ్లూ కలిపి 200 మందిని అడిగింది. కేసులు 90. ఆ 90 మందిలో బగారా తిన్నవాళ్లు 86, మటన్ తిన్నవాళ్లు 84, చికెన్ తిన్నవాళ్లు 79. పేషెంట్లని మాత్రమే చూస్తే బగారా అన్నం దోషి అయి కూర్చుంది! కానీ పెళ్లికొచ్చిన ఎవరు బగారా తినరండీ?

(స్క్రీన్ మీద టేబుల్)

బగారా తిన్నవాళ్లు మొత్తం 190, వాళ్లలో 86 మందికి వచ్చింది, అంటే 45 శాతం. తిననివాళ్లు పది మంది, నలుగురికి వచ్చింది, 40 శాతం. తిన్నా తినకపోయినా పెద్ద తేడా లేదు, బగారా నిర్దోషి. మటన్ తిన్నవాళ్లు 120, వాళ్లలో 84 మందికి, 70 శాతం. తిననివాళ్లు 80, ఆరుగురికే, ఏడున్నర శాతం. తిన్నవాళ్లకి రిస్క్ తొమ్మిది రెట్లకి పైనే. ఈ రెండో వరుస, ఆ తిననివాళ్ల వరుస లేకపోతే ఇది కనిపించేదే కాదు.

మరి చికెన్? తిన్నవాళ్లలో 61 శాతం, తిననివాళ్లలో 16 శాతం. అమ్మో, చికెన్ కూడా అనిపిస్తుంది కదా. ఆగండి. మటన్ వడ్డించుకున్నవాళ్లు పక్కనే చికెన్ కూడా వడ్డించుకుంటారు. అందుకని మటన్ ముట్టనివాళ్లని మాత్రమే విడిగా తీశారు. వాళ్లలో చికెన్ తిన్నవాళ్లు 20 మంది, ఇద్దరికి వచ్చింది. చికెన్ కూడా తిననివాళ్లు 60 మంది, నలుగురికి వచ్చింది. పది శాతం, ఏడు శాతం. తేడా ఆవిరైపోయింది, చికెన్ మటన్ పక్కన ఉన్నందుకు ఇరుక్కుంది అంతే.

మటన్ తినకుండా జబ్బు పడ్డ ఆ ఆరుగురి సంగతేంటి అని కామెంట్స్‌లో అడుగుతారు, నాకు తెలుసు. వడ్డించే గరిటె ఒకటే అయ్యుండొచ్చు, అన్నం మీద కొంచెం గ్రేవీ వేసుకుని మర్చిపోయుండొచ్చు, వేరే కారణంతో విరేచనాలు అయ్యుండొచ్చు. 1940లో అమెరికాలో ఆస్వీగో అనే చోట చర్చి విందు కేసులో కూడా ఇంతే, వెనిలా ఐస్‌క్రీమ్ తిన్న 54 మందిలో 43 మంది జబ్బు పడ్డారు, తినని 21 మందిలోనూ ముగ్గురు పడ్డారు. అయినా దోషి ఐస్‌క్రీమే.

వీడియో పొడుగైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. వంట మాస్టర్‌ని అడిగితే మటన్ శనివారం రాత్రి పదకొండుకే వండి, గుండిగలో మూత పెట్టి వదిలేసి, ఆదివారం వడ్డించే ముందు కాస్త వేడి చేశామన్నాడు. ఉడికించినా ఈ బ్యాక్టీరియా స్పోర్స్, అంటే గట్టి పెంకులో నిద్రపోయే రూపం, చావవు, కూర చల్లారేటప్పుడు మళ్లీ మేల్కొంటాయి. అంత పెద్ద గుండిగ నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, 45 డిగ్రీల దగ్గర ఇది సుమారు పది నిమిషాలకే రెట్టింపవుతుంది. అలా మేల్కొని పెరిగిన బ్యాక్టీరియా గోరువెచ్చగా చేస్తే చావదు, సలసలా మరగాలి. రాత్రే వెడల్పు ట్రేల్లోకి చిన్న చిన్న భాగాలుగా తీసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ల్యాబ్‌కి మిగిలిన కూరా, పేషెంట్ల మలం శాంపిల్సూ పంపాలి. కూరలో గ్రాముకి లక్ష బ్యాక్టీరియా దాటితే, లేదా ఇద్దరు లేదా ఎక్కువమంది పేషెంట్ల మలంలో గ్రాముకి పది లక్షల స్పోర్స్ దాటితే నిర్ధారించినట్టే. కాకపోతే సోమవారం టీమ్ వెళ్లేసరికి గుండిగలు తోమేసి బోర్లించి ఉంటాయి, చాలాసార్లు అదే జరుగుతుంది. అందుకే మీ ఇంటి ఫంక్షన్‌లో ఇలా అయితే ముందు మిగిలిన వంటలు పారబొయ్యకండి, ఎవ్వరూ తినకుండా విడిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వచ్చేదాకా కాపాడండి. అతిథుల ఫోన్ నంబర్ల లిస్ట్ కూడా చేతికి ఇవ్వండి, జబ్బు పడనివాళ్ల నంబర్లతో సహా.