స్టెరాయిడ్ మాత్ర ఒక్కసారే ఎందుకు మానకూడదు?

(పర్లాకిమిడి స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

వ్యాఖ్యాత: బాబూ, ముందు మీ అమ్మగారి సంగతి చెప్పండి.

రోగి కుమారుడు: కీళ్ల నొప్పులకి ఎనిమిది నెలలు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అర మిల్లీగ్రాము మాత్రలు రోజుకి మూడు మింగిందండీ. చీటీ లేకుండానే షాపులో ఇచ్చేవారు. మొహం ఉబ్బుతోందని ఒక్కసారే మానేసింది. వారంలో మంచం పట్టింది. వాంతులు, కళ్లు తిరగడం. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి బీపీ 80/50.

హార్మోన్ల డాక్టరు: మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే ఒంటి సొంత స్టెరాయిడ్‌ని తయారు చేస్తాయి. చేయమని చెప్పేది మెదడు కింద ఉన్న పిట్యూటరీ. బయటినుంచి స్టెరాయిడ్ వస్తుంటే పిట్యూటరీ ఆ మాట చెప్పడం మానేస్తుంది, అడ్రినల్ చిక్కిపోతుంది. మూడు నాలుగు వారాలు దాటి వాడితే ఈ భయం ఉంటుంది. మాత్ర ఆపిన రోజునే గ్రంథి లేచి పనిచేయలేదు. కొందరికి నెలలు పడుతుంది.

వ్యాఖ్యాత: మరి ఆమెకి ఏం చేశారు?

డాక్టరు: వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, సెలైన్. కోలుకున్నాక ప్రెడ్నిసొలోన్ అనే మరో స్టెరాయిడ్ మాత్రకి మార్చాం. ఆమె వాడిన మూడు మాత్రలు దాదాపు 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కి సమానం. డెక్సామెథసోన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండి పిట్యూటరీని గట్టిగా అణుస్తుంది, అందుకే మార్చడం. 10 నుంచి రెండు వారాలకి ఒక మిల్లీగ్రాము చొప్పున తగ్గించి 5 దగ్గర ఆగాం.

ఫార్మసిస్టు: అక్కడే ఎందుకు ఆగాలండీ? మా కౌంటరు దగ్గర అందరూ అడిగేది ఇదే.

డాక్టరు: ఆరోగ్యమైన ఒళ్లు రోజూ చేసుకునే కార్టిసాల్‌కి సుమారు అంత మోతాదు సరిపోతుంది. అంతకు పైన జబ్బు తిరగబెట్టకుండా చూసుకుంటూ తగ్గిస్తాం. అక్కడినుంచి గ్రంథి లేచిందా అని చూడాలి. ముందురోజు ఉదయం మాత్ర వేసుకుని, మర్నాడు వేసుకోకముందే, ఎనిమిది గంటలకి రక్తం తీసి కార్టిసాల్ చూస్తాం. డెసిలీటరుకి 10 మైక్రోగ్రాములు దాటితే మాత్ర ఆపొచ్చు. 5 లోపు అయితే అదే మోతాదు కొనసాగించి, కొన్ని నెలలకి మళ్లీ చూస్తాం. మధ్యలో ఉంటే కొనసాగిస్తూ వారాలు, నెలలు గడిచాక మళ్లీ పరీక్ష. ఈమెకి మొదట 4 వచ్చింది. రెండోసారి 7. మూడోసారి 12 వచ్చాక ఆపాం.

కుమారుడు: తగ్గిస్తున్నప్పుడు మళ్లీ నొప్పులు, నీరసం వచ్చాయండీ. జబ్బే తిరగబెట్టిందనుకుని భయపడ్డాం.

డాక్టరు: ఆ తేడా పట్టుకోవడం మాకూ కష్టమే. కీలు వాచి ఎర్రబడితే జబ్బు. వాపు లేకుండా ఒళ్లంతా లాగుతూ ఉండి, బీపీ, సోడియం బాగుంటే ఒంటికి స్టెరాయిడ్ తగ్గిన బాధ. అప్పుడు ఒక మెట్టు వెనక్కి వెళ్లి నెమ్మదిగా దిగాలి.

వ్యాఖ్యాత: ఆ మధ్యలో జ్వరం వస్తే?

డాక్టరు: 5 వేసుకునేవాళ్లు జ్వరం ఉన్నన్నాళ్లు రెట్టింపు వేసుకోవాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, స్టెరాయిడ్ వాడుతున్నామని చెప్పి ఇంజెక్షన్ వేయించుకోవాలి.

కుమారుడు: ఆ మాటే తెలుగులో, ఒడియాలో రాసి అమ్మ సంచిలో పెట్టానండీ. బరంపురం వెళ్లినా, శ్రీకాకుళం వెళ్లినా ఎవరో ఒకరు చదువుతారని.