తెనాలిలో ఎలక్ట్రిక్ ఆటో నడిపితే రోజుకి ఎంత మిగులుతుంది? బ్యాటరీ నుంచి లెక్క మొదలుపెడదాం

నమస్కారం అండి. కొత్త ఎలక్ట్రిక్ ఆటో కొందామనుకునే ప్రతివాడూ ముందు అడిగేది "ఒక్క చార్జింగ్‌కి ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" అనే. నేనూ అదే అడిగాను. షోరూమ్‌లో నూటపది అన్నారు. మొదటి వారంలోనే సాయంత్రం ఆరున్నరకి, వెనక నలుగురు కూర్చుని ఉండగా, కాలవ వంతెన ఎక్కలేక బండి ఆగిపోయింది. అప్పటికి మీటర్ మీద తిరిగింది డెబ్భై రెండు. దిగి తోశాం. ప్యాసింజర్లు కూడా దిగి ఓ చెయ్యి వేశారు, పాపం డబ్బులు కూడా ఇచ్చారు.

బండిలో తప్పేమీ లేదు. ఎందుకలా అయిందో ముందు చెప్పి, ఆ తర్వాత డబ్బు లెక్కలోకి వెళ్తాను. నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి.

ఇదిగో, సీటు ఎత్తుతున్నాను. నాలుగు ఆసిడ్ బ్యాటరీలు, ఒక్కొక్కటి పన్నెండు వోల్టులు, నూట ముప్పై ఆంపియర్ అవర్. నాలుగూ కలిపి నలభై ఎనిమిది వోల్టులు, దాన్ని నూట ముప్పైతో గుణిస్తే ఆరు వేల రెండు వందల నలభై వాట్ అవర్లు. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్ కాబట్టి ఆరు యూనిట్ల పైచిలుకు వస్తుంది. కాగితం మీద లెక్క అది. ఆసిడ్ బ్యాటరీని అడుగంటా వాడితే త్వరగా చస్తుంది, అరవై శాతం దగ్గర ఆపాలి. అంటే మన చేతికి వచ్చేది మూడు యూనిట్ల డెబ్భై. నలుగురు ఎక్కి, సందుల్లో ఆగుతూ లేస్తూ తిరిగే బండికి కిలోమీటరుకి యాభై వాట్ అవర్ల పైనే పోతుంది. భాగిస్తే డెబ్భై వస్తుంది. నా బండి ఆగింది సరిగ్గా అక్కడే. షోరూమ్ వాళ్ల నూటపది, ఒక్క డ్రైవర్‌తో, ఆగకుండా, మొత్తం ఖాళీ అయ్యేదాకా నడిపితే వచ్చే లెక్క.

ఇప్పుడు లిథియం చూద్దాం. ఇదే సైజు ఈ-రిక్షాకి యాభై ఒక్క వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ వస్తుంది. నూట ఐదు ఆంపియర్ అవర్ తీసుకుంటే అయిదు యూనిట్ల పైన. ఆసిడ్ సెట్ కంటే తక్కువ కదా అనిపిస్తుంది. కానీ దీన్ని తొంభై శాతం దాకా వాడుకోవచ్చు, బరువు కూడా సగం కంటే తక్కువ. కాబట్టి తొంభై, తొంభై అయిదు కిలోమీటర్లు వస్తాయి.

ఇంకో తేడా మధ్యాహ్నం తెలుస్తుంది. ఆసిడ్ బ్యాటరీకి చివరి ఇరవై శాతం ఎక్కడానికి గంటలు పడుతుంది. భోజనానికి ఇంటికొచ్చి ప్లగ్ పెట్టి లేస్తే ఎక్కేది కాస్తే, పైగా రోజూ అలా సగం సగం నింపితే ప్లేట్లు గట్టిపడి బ్యాటరీ పాడవుతుంది. లిథియం అలా కాదు, రెండు గంటలు పెడితే సాయంత్రం బేరాలకి సరిపడా ఎక్కుతుంది.

కొద్దిగా పక్కకి వస్తాను. మీ దగ్గర ఇప్పటికే ఆసిడ్ బ్యాటరీల బండి ఉంటే, రోజు తిరిగి వచ్చాక అరగంట ఆగి, మల్టీమీటర్ పెట్టి నాలుగు బ్యాటరీలూ విడివిడిగా చూడండి. ఇలా, ఎర్రది ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. ఇది 12.2, ఇది 12.2, ఇది 12.1, ఇదిగో ఇక్కడ చూడండి, 11.6. మిగతా మూడింటినీ వెనక్కి లాగేది ఇదే. మూత తీసి చూస్తే నీళ్లు ప్లేట్ల కిందికి దిగి ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ పోసి ఓ రాత్రి చార్జింగ్ పెట్టాక కూడా ఇలాగే ఉంటే ఆ సెల్ పోయినట్టే. దాన్ని ఒక్కదాన్నే కొత్తది మార్చమని చాలామంది చెప్తారు. ముసలి మూడింటి మధ్య కొత్తది కూడా నెలల్లోనే వాటి దారి పడుతుంది, ఆ పని చెయ్యకండి.

సరే, పర్మిట్ సంగతి. 2018 అక్టోబర్ 18న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకి పర్మిట్ అక్కర్లేదు. డీజిల్ ఆటోవాడికి ఉన్న పర్మిట్ గొడవ మనకి లేదు. కానీ "పర్మిట్ లేదు" అంటే "కాగితాలే లేవు" అని కొందరు అమ్మేవాళ్లు చెప్తున్నారు. అది అబద్ధం. రిజిస్ట్రేషన్ కావాలి, ఫిట్‌నెస్ కావాలి, ఇన్సూరెన్స్ కావాలి. నెంబర్ ప్లేట్ ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలతో ఉండాలి. ఆర్‌సీ చేయించి ఇవ్వలేను అనే షాపులో అడుగు కూడా పెట్టకండి. ఆ బండితో ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ రాదు, నష్టపరిహారం మీ పొలం అమ్మి కట్టాలి.

రెండు రకాల బండ్లకి రూల్స్ వేరు, ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఈ-రిక్షా అంటే గంటకి 25 కిలోమీటర్లు మించకూడదు, డ్రైవర్ కాకుండా నలుగురు, నలభై కిలోల సామాను. లైసెన్స్‌కి పది రోజుల ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాలి. పెద్ద కంపెనీల ఎలక్ట్రిక్ ఆటో, దాన్ని ఎల్-5 అంటారు, అది యాభై పైన వేగం వెళ్తుంది, కానీ ఆర్‌సీలో డ్రైవర్ ప్లస్ ముగ్గురే. తమాషా చూడండి, రెట్టింపు ధర పెట్టి కొన్న పెద్ద బండిలో చట్టప్రకారం ఒక మనిషి తక్కువ! ఎనిమిది మందిని ఎక్కించి లెక్క వేసుకునేవాళ్లు ఈ వీడియో ఇక్కడే ఆపేయొచ్చు, నేను ఆ లెక్క చెప్పను. ఈ-రిక్షాలని ఏ రోడ్డు మీద తిరగనివ్వరో స్థానికంగా నిర్ణయించొచ్చు కాబట్టి, డబ్బు కట్టే ముందే ట్రాఫిక్ స్టేషన్‌లో అడగండి.

ఇక డబ్బులు. తెనాలినే తీసుకుందాం. ధరలూ వడ్డీలూ నేను లెక్క కోసం వేసుకున్నవి, మీ ఊరి అంకెలు మీరు పెట్టుకోండి. నెలకి ఇరవై ఆరు రోజులు బండి తీస్తామనుకుందాం.

మొదటిది ఆసిడ్ ఈ-రిక్షా. స్టేషన్, బస్టాండు, మార్కెట్ మధ్య మూడు కిలోమీటర్ల ట్రిప్పు, మనిషికి పదిహేను. నలుగురికి చోటున్నా సగటున ముగ్గురే ఎక్కుతారు. ట్రిప్పుకి నలభై అయిదు. రోజుకి ఇరవై ట్రిప్పులు, ఖాళీగా తిరిగిందీ కలిపి డెబ్భై కిలోమీటర్లు. తొమ్మిది వందల కలెక్షన్. ఇందులో కరెంట్ నలభై. రిపేర్లు, టైర్లు, ఇన్సూరెన్స్‌కి అరవై. లక్షా ముప్పై వేల అప్పు రెండేళ్లకి ఇరవై శాతం వడ్డీతో అయితే కిస్తీ ఆరువేల ఆరు వందలు, రోజుకి రెండు వందల యాభై అయిదు. ఈ బండ్లకి ఫైనాన్స్ వాళ్లు తక్కువ కాలానికే, ఎక్కువ వడ్డీకే ఇస్తారు, తిరిగి అమ్మితే ధర రాదని వాళ్లకి తెలుసు.

అందరూ మర్చిపోయే పద్దు ఇంకొకటి ఉంది, బ్యాటరీ డబ్బు. ఏడాదికోసారి నలభై అయిదు వేల సెట్ మార్చాలంటే రోజుకి నూట యాభై పక్కన పెట్టాలి. అన్నీ తీసేస్తే మిగిలేది మూడు వందల తొంభై అయిదు.

ఇది కొత్త బ్యాటరీలతో. తొమ్మిదో నెలకి డెబ్భై కిలోమీటర్లు నలభై అయిదుకి దిగుతుంది. ఇరవై ట్రిప్పులు పదమూడు అవుతాయి. కలెక్షన్ అయిదు వందల ఎనభై అయిదు. ఖర్చు మాత్రం అంతే ఉంటుంది. మిగిలేది ఎనభై రూపాయలు! పోయే ట్రిప్పులన్నీ సాయంత్రం ట్రిప్పులే, సినిమా వదిలే వేళ, రైలు దిగే వేళ, అంటే మంచి బేరాలే. మూడు నెలలు ఇలా ఈడుస్తారు, ఎందుకంటే కొత్త సెట్‌కి పక్కన పెట్టిన డబ్బు ఉండదు.

రెండోది అదే బండి, లిథియంతో. అప్పు లక్షా ఎనభై వేలు, అదే వడ్డీతో మూడేళ్లకి కడితే రోజుకి రెండు వందల యాభై ఏడు, అంటే దాదాపు అంతే కిస్తీ. ప్యాక్ లక్ష రూపాయలు, అయిదేళ్లు వస్తుందనుకుంటే రోజుకి అరవై అయిదు. కరెంట్ ముప్పై అయిదు, మిగతా అరవై. అదే ఇరవై ట్రిప్పులకి నాలుగు వందల ఎనభై మిగులుతుంది. తొమ్మిదో నెలలో కూడా ఇరవై ట్రిప్పులు చెయ్యొచ్చు. ఊళ్లో తిరిగేవాళ్లకి నా ఓటు దీనికే.

మూడోది ఎల్-5. తొమ్మిది యూనిట్ల బ్యాటరీ ఉన్నదానికి కంపెనీ వాళ్లు నూట డెబ్భై పైన రాస్తారు, ముగ్గురితో తిరిగితే నూట ముప్పై అనుకోండి. మూడు లక్షల అప్పు, నాలుగేళ్లు, పదమూడు శాతం అయితే రోజుకి మూడు వందల పది. బ్యాటరీకి డెబ్భై, కరెంట్‌కి అరవై, ఇన్సూరెన్స్, సర్వీసుకి నూట ఇరవై. మొత్తం ఖర్చు అయిదు వందల అరవై. రాబడి చూద్దాం. స్టేషన్ దగ్గర ఎనభై రూపాయల కిరాయిలు ఎనిమిది, ఆరు వందల నలభై. పది కిలోమీటర్ల ఊరి లైను, ఇరవై చొప్పున ముగ్గురు, ఆరు ట్రిప్పులు, మూడు వందల అరవై. ఇంకో వంద, ఎవరైనా ఆసుపత్రికి పిలిస్తే. పదకొండు వందలు. మిగిలేది అయిదు వందల నలభై. బాగానే ఉంది.

కానీ ఆ లైను ట్రిప్పులు చూడండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచే ఉంది. లైను మీద ఎక్కేది ఎక్కువగా వాళ్లే. ఆరు ట్రిప్పులు మూడయ్యాయంటే నూట ఎనభై పోయి, మిగిలేది మూడు వందల అరవై. ఆసిడ్ ఈ-రిక్షా కొత్తగా ఉన్నప్పటి కంటే తక్కువ. ఊళ్లో సందులకి బస్సు రాదు కాబట్టి చిన్న బండికి ఆ దెబ్బ తక్కువ తగులుతుంది. అందుకే లైను నమ్ముకుని ఎల్-5 కొనకండి. స్టేషన్ స్టాండులో చోటు, ఫోన్ చేసి పిలిచే ఖాతాదారులు ఉంటేనే కొనండి.

కొనే ముందు ఒక్క పని చెయ్యండి. షోరూమ్ వాళ్లు ఇచ్చే టెస్ట్ రైడ్‌కి ఒక్కరే వెళ్లకండి. ఆర్‌సీలో రాసినంత మందిని ఎక్కించుకోండి. చార్జింగ్ వంద ఉన్నప్పుడు మీటర్ అంకె ఫోటో తీసి, మీ రూటులోనే ఇరవై కిలోమీటర్లు తిప్పి, ఎంత శాతం పోయిందో చూడండి. ఇరవై శాతం పోతే మొత్తం మీద వంద, కొంత మిగుల్చుకుంటే ఎనభై. లిథియం అయితే డిస్‌ప్లే మీద శాతమే చూడాలి, వోల్టులు చూస్తే మోసపోతారు, దాదాపు ఖాళీ అయ్యేదాకా ఆ అంకె పెద్దగా కదలదు. ఆసిడ్ అయితే ఒక బ్యాటరీ బయటికి తీసి కాటా మీద పెట్టమనండి. స్టిక్కర్ మీద నూట యాభై ఆంపియర్ అవర్ అని రాసి, అదే కంపెనీ నూట ఇరవై కంటే తేలిగ్గా తూగితే లోపల సీసం లేదన్నమాట. కాటా లేదంటే ఎదురుగా పాత ఇనుము కొట్లో ఉంటుంది, నేను అక్కడే తూయించాను.