ఇంటర్వ్యూలో "పిల్లలెప్పుడు?" అని అడిగితే, ఆ సాయంత్రం రాయాల్సిన మెయిల్

[కెమెరా ముందు]

ఇంటర్వ్యూ బాగానే నడుస్తోంది. చేసిన ప్రాజెక్టుల గురించి అడిగారు, చెప్పారు. ఉన్నట్టుండి ప్యానెల్‌లో ఒకాయన, "పెళ్ళై రెండేళ్ళైంది కదా, మరి పిల్లలెప్పుడు?" అన్నాడు. మీరు నవ్వేసి, "ఇంకా ఏమీ అనుకోలేదండీ" అనేశారు. బయటికొచ్చాక ఒళ్ళు మండింది.

అప్పటికప్పుడు ఏం జవాబు చెప్పాలన్నది ఇంకో వీడియోలో చూద్దాం. ఇవాళ చెప్పేది తర్వాత హెచ్ఆర్‌కి రాసే మెయిల్ గురించి. కొన్నేళ్ళు రిక్రూట్‌మెంట్‌లో ఉన్నాను కాబట్టి ఇలాంటి మెయిల్స్ అవతలి వైపు కూర్చుని చదివాను. కోపమంతా కుమ్మరించిన మెయిల్ చదివి అయ్యో అనుకునేవాళ్ళం, కానీ దాన్ని పట్టుకుని ఏం చేయాలో తోచేది కాదు.

ముందు ఫోన్‌లో నోట్ రాసుకోండి. ఇల్లు చేరేదాకా ఆగొద్దు. అడిగిన మాట అడిగినట్టే రాయాలి. "నా కుటుంబం గురించి అడిగారు" అని రాస్తే రేపు అదేదో పలకరింపు అనేస్తారు. "మరి పిల్లలెప్పుడు?" అని ఉంటే అలా అనడం కష్టం. ఎవరు అడిగారు, ఎన్నింటికి, గదిలో ఇంకెవరున్నారు, మీరేమన్నారు, ఇవి కూడా రాసుకోండి. మీరు నవ్విన సంగతి దాచక్కర్లేదు. ఇబ్బందిలో ఎవరైనా నవ్వుతారు.

[స్క్రీన్ మీద మెయిల్]

విషయం: మంగళవారం ఇంటర్వ్యూలో వచ్చిన ఒక ప్రశ్న గురించి

నమస్తే అండీ,

మంగళవారం ఉదయం 11 గంటలకు రెండో రౌండ్ ఇంటర్వ్యూకి హాజరయ్యాను. సుమారు అరగంట తర్వాత ఫలానా గారు, "పెళ్ళై రెండేళ్ళైంది కదా, మరి పిల్లలెప్పుడు?" అని అడిగారు. ఇంకా ఏమీ అనుకోలేదని చెప్పాను. ఈ ప్రశ్నకీ ఉద్యోగ బాధ్యతలకీ సంబంధం నాకు కనిపించలేదు. జవాబు చెప్పడానికి ఇబ్బందిపడ్డాను.

ఆ జవాబును ఎంపికలో పరిగణనలోకి తీసుకోవద్దని కోరుతున్నాను. ప్రయాణాలు, పనివేళల గురించి తెలుసుకోవాలనుకుంటే నేరుగా అడగండి, సమాధానం ఇస్తాను. ఈ మెయిల్ అందినట్టు తెలియజేయగలరు.

[మళ్ళీ కెమెరా ముందు]

"ఫలానా గారు" అన్నచోట అసలు పేరే రాయండి. దీన్ని ఇంటర్వ్యూ ఏర్పాటు చేసిన రిక్రూటర్‌కి పంపండి, అడిగిన మనిషికి కాదు. థాంక్యూ మెయిల్ రాస్తే అది వేరుగా ఉండాలి. రెండూ కలిపితే పై వాక్యం చదివి మూసేస్తారు.

ఇందులో "అవమానం", "వివక్ష", "చట్టవిరుద్ధం" అన్న మాటలు లేవు, చూశారా? అవి తప్పని కాదు. ఏ ప్రశ్న అడగకూడదన్నది దేశాన్ని బట్టి మారుతుంది. తెలుసుకోకుండా "చట్టవిరుద్ధం" అని రాస్తే సంభాషణ ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. మెయిల్ లీగల్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీకు పొడి పొడి జవాబు వస్తుంది. ఏం జరిగిందో మీరు చెప్పండి. దానికి పేరు వాళ్ళనే పెట్టుకోనివ్వండి.

అలాగే "తగిన చర్య తీసుకోండి" అని కూడా రాయలేదు. ఆ మాటకి "పరిశీలిస్తాం" అన్న జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "ఆ జవాబు లెక్కలోకి తీసుకోవద్దు" అంటే అవునో కాదో చెప్పక తప్పదు.

ఎప్పుడు పంపాలి? వీలైతే ఫలితం రాకముందే. ఆ తర్వాత రాస్తే ఉద్యోగం రాలేదన్న అక్కసులా కనిపిస్తుంది. ముందే పంపితే, రేపు వాళ్ళు కాదన్నా, అంతకుముందు తేదీతో మీ మాట రికార్డులో ఉంటుంది. అయితే మెయిల్ పంపినందుకే పక్కన పెట్టరన్న గ్యారంటీ నేనివ్వలేను. అలా పెట్టారని నిరూపించడమూ తేలిక కాదు. ఆ ఉద్యోగం అంత అవసరమైతే నోట్ దగ్గర పెట్టుకుని ఫలితం వచ్చాకే రాయండి. అది పిరికితనమేమీ కాదు.

పంపాక మెయిల్ బదులు ఫోన్ రావచ్చు. "ఆయనేదో మాటవరసకి అడిగారండీ, సీరియస్‌గా తీసుకోకండి" అంటారు. వాదనకి దిగకండి. "ఆయన ఉద్దేశం గురించి నేనేమీ అనడం లేదండీ. ఆ జవాబు లెక్కలోకి రాదని మెయిల్‌లో చెప్తే చాలు" అనండి. ఫోన్ పెట్టేశాక మీరే అదే మెయిల్ కింద రెండు ముక్కలు రాయండి: "ఇందాక ఫోన్‌లో మాట్లాడినందుకు ధన్యవాదాలు. నా జవాబును ఎంపికలో పరిగణించరని మీరు చెప్పినట్టు అర్థం చేసుకున్నాను. పొరపాటైతే తెలియజేయండి." నిజంగా వాళ్ళు ఆ మాట అంటేనే ఇలా రాయాలి. అనకపోతే, అడిగాననీ ఇంకా జవాబు రాలేదనీ రాయండి.

వారం దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే అదే మెయిల్ మీద ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులకు విడిగా చిరునామా ఉందేమో వెతికి, మొత్తం మెయిల్ అక్కడికి ఫార్వర్డ్ చేయండి. పైన కొత్తగా ఒక్క వాక్యం చాలు: "దీనికి ఇంతవరకు జవాబు రాలేదు."