పాట మారినప్పుడల్లా వాల్యూమ్ సరిచేసుకోవాల్సి వస్తోందా? ముందు ఈక్వలైజర్ కట్టేయండి

[తెర మీద: విజయనగరం, గంటస్తంభం దగ్గర వీధి. తెల్లవారుజామున టిఫిన్ హోటల్. పెనం మీద అట్టు.]

ఇది మా బావ హోటల్. పొద్దున్న ఐదున్నరకి పొయ్యి వెలిగిస్తాడు, ఆ వెంటనే పాటలు పెడతాడు. మొదట ఘంటసాల భక్తి పాటలు, ఆరున్నర దాటాక కాలేజీ పిల్లలు వచ్చే టైముకి కొత్త సినిమా పాటలు. అన్నీ ఒకే ప్లేలిస్ట్‌లో ఉంటాయి, షఫుల్‌లో తిరుగుతుంటాయి. నేను వెళ్ళిన రోజు చూశాను, పాత పాట వస్తే గ్లాసుల చప్పుడులో గొంతు వినపడదు, బావ అట్లకాడ పక్కన పెట్టి, తుండుకి చెయ్యి తుడుచుకుని, నూనె మరకలున్న ఆ ఫోన్ అందుకుని వాల్యూమ్ పెంచుతాడు. రెండు నిమిషాల్లో కొత్త పాట డప్పులతో మొదలవుతుంది, కాఫీ తాగుతున్న పెద్దాయన ఉలిక్కిపడతాడు, మళ్ళీ అట్లకాడ పక్కకి, మళ్ళీ తుండు.

"ఈక్వలైజర్ అన్ని రకాలుగా మార్చి చూశానురా, ఏం చేసినా అంతే," అన్నాడు.

దాదాపు అందరూ అక్కడికే వెళ్తారు. పాటలు ఎగుడుదిగుడుగా వినిపిస్తున్నాయంటే ముందు ఈక్వలైజర్ తెరుస్తారు. కానీ ఈక్వలైజర్ ఒకసారి సెట్ చేశాక ప్రతి పాటకీ అదే వేస్తుంది. ఏ పాట మెల్లగా ఉంది, ఏ పాట గట్టిగా ఉంది అన్నది దానికి తెలియదు. మీరు బాస్ ఆరు డెసిబెల్స్ పెంచితే పాత పాటకీ ఆరే, కొత్త పాటకీ ఆరే. తేడా ఎక్కడికీ పోదు.

ఆ తేడాని సరిచేసేది వాల్యూమ్ నార్మలైజేషన్. అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే, అసలు తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి.

[తెర మీద: రెండు ధాన్యం గోడౌన్ల బొమ్మ, రెండింటికీ ఒకే ఎత్తు పైకప్పు.]

డిజిటల్ పాటకి ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని సున్నా డెసిబెల్ అంటారు. శబ్దం దాన్ని దాటి వెళ్ళలేదు. ఇప్పుడు రెండు గోడౌన్లు అనుకోండి. ఒకదాంట్లో బస్తాలు పైకప్పు దాకా నింపేశారు. ఇది కొత్త పాట, విడుదలకి ముందు చివరి మెరుగులు దిద్దే మాస్టరింగ్‌లో, మెత్తటి గట్టి చోట్ల తేడా తగ్గించే కంప్రెసర్, పైకి లేచే కొసల్ని అణిచే లిమిటర్ వేసి ప్రతి క్షణాన్నీ పైకి నెట్టేశారు. రెండో గోడౌన్‌లో బస్తాలు సగం ఎత్తుకే ఉన్నాయి, మధ్యలో మాత్రం ఒక్క గెడ నిలబెట్టి ఉంది, దాని కొస దాదాపు పైకప్పుకి తగులుతోంది. ఇది పాత పాట. మామూలుగా మెత్తగానే సాగుతుంది, ఒక్కచోట మాత్రం తబలా దెబ్బో, గాయకుడు పై స్థాయికి వెళ్ళిన ఒక పలుకో పైకి లేస్తుంది. రెండింటికీ పైకప్పు ఒకటే. మన చెవి మాత్రం గెడని పట్టించుకోదు, బస్తాల ఎత్తునే వింటుంది.

నార్మలైజేషన్ కూడా బస్తాల ఎత్తునే కొలుస్తుంది. పాట మొత్తం మీద చెవికి ఎంత గట్టిగా తగులుతోందో ఒక అంకె లెక్కగడుతుంది, దాన్ని లక్ష్యంగా పెట్టుకున్న అంకెకి తెచ్చేలా పాటని మొత్తంగా పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. మామూలుగా పాట లోపల ఏ భాగాన్నీ మార్చదు. మీరు చేత్తో చేసే పనినే పాట మొదలవ్వక ముందే అది చేసేస్తుంది, అంతే.

బావ వాడేది స్పాటిఫై, కాబట్టి దాని లెక్కే చెప్తాను. సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ దగ్గర నార్మలైజేషన్ ఆన్ చేసే బటన్ ఉంటుంది. ప్రీమియం తీసుకున్నవాళ్ళకి దాంతో పాటు మూడు స్థాయిలు కనిపిస్తాయి: Loud, Normal, Quiet. వాటి లక్ష్యాలు, పైకప్పు నుంచి డెసిబెల్స్‌లో, వరసగా మైనస్ 11, మైనస్ 14, మైనస్ 19. మైనస్ పక్కన అంకె పెరిగే కొద్దీ మెల్లగా అన్నమాట.

బావ ఫోన్‌లో నార్మలైజేషన్ ఆన్‌లోనే ఉంది, Normal మీద. అయినా తేడా వినిపిస్తోంది. ఎందుకు?

[తెర మీద: రెండు పాటల అంకెలు, ఒకదాని పక్కన ఒకటి.]

ఒక లెక్క వేద్దాం. కొత్త పాట మైనస్ 8 దగ్గర ఉందనుకోండి, పాత పాట మైనస్ 20 దగ్గర. తేడా 12 డెసిబెల్స్. పది డెసిబెల్స్ తేడా ఉంటేనే చెవికి సుమారు రెండింతలు గట్టిగా అనిపిస్తుంది, కాబట్టి ఇది దానికంటే ఎక్కువే. ఇప్పుడు Normal పెట్టాం, అంటే రెండూ మైనస్ 14కి రావాలి. కొత్త పాటని 6 తగ్గిస్తే సరిపోయింది, తగ్గించడానికి ఎప్పుడూ చోటు ఉంటుంది. పాత పాటని 6 పెంచాలి. కానీ మన గెడ ఉంది కదా, దాని కొస మైనస్ 4 దగ్గర ఉందనుకోండి. స్పాటిఫై పైకప్పుకి ఒక డెసిబెల్ ఖాళీ వదులుతుంది, కాబట్టి 3 మాత్రమే పెంచగలదు. పాత పాట మైనస్ 17 దగ్గర ఆగిపోయింది, కొత్తది మైనస్ 14 దగ్గర ఉంది. 12 కాస్తా 3 అయింది, బాగానే తగ్గింది, కానీ గ్లాసులు, కబుర్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ మధ్యలో ఆ 3 కూడా తెలుస్తుంది.

ఇప్పుడు Quiet పెట్టండి. లక్ష్యం మైనస్ 19. కొత్త పాట 11 తగ్గుతుంది. పాత పాట ఒక్కటి పెరిగితే చాలు, గెడకి ఇంకా చోటుంది. రెండూ మైనస్ 19 దగ్గరే. తేడా సున్నా.

నేను ఈ వీడియో చేసిందే ఈ ఒక్క విషయం కోసం. Quiet అన్న పేరు చూసి అది మెల్లగా వినేవాళ్ళ కోసం అనుకుని ఎవరూ ముట్టుకోరు. పాతా కొత్తా కలిపి వినేవాళ్ళకి సరిగ్గా సరిపోయేది అదే. తగ్గిన సౌండుని స్పీకర్ మీద వాల్యూమ్ పెంచి తెచ్చుకోండి. దీనికి ఒక్క హద్దు ఉంది, చిన్న బ్లూటూత్ స్పీకర్ అయ్యి ఇప్పటికే వాల్యూమ్ చివరిదాకా పెట్టి ఉంటే ఇక పెంచడానికి ఏమీ మిగలదు, అప్పుడు Normal దగ్గరే ఉండండి. Loud మాత్రం పాత పాటలకి వద్దని నా మాట. అది గెడ ఉన్నా సరే పైకి లేపేస్తుంది, పైకప్పు దాటిన కొసని లిమిటర్‌తో అణిచేస్తుంది, ఆ తబలా దెబ్బలో ఉన్న పదును పోతుంది.

ఫోన్‌లో కాపీ చేసుకున్న ఎంపీత్రీలు వినేవాళ్ళు చాలామంది ఉన్నారు, మన వైపు తప్పెటగుళ్ళు, జముకుల కథ రికార్డింగులు అలాగే చేతులు మారుతుంటాయి. వాటికి రీప్లేగెయిన్ అనే పద్ధతి ఉంది, 2001 నాటిది. కంప్యూటర్లో foobar2000 అనే ప్లేయర్‌లో పాటలన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, ReplayGain లో Scan per-file track gain నొక్కండి, స్కాన్ అయ్యాక వచ్చే విండోలో Update File Tags నొక్కండి. అది పాటని మార్చదు, ఎంత పెంచాలో తగ్గించాలో ఫైల్లో ఒక చీటీ రాసి పెడుతుంది. ఆ చీటీ చదివే ప్లేయర్ ఫోన్‌లో ఉండాలి, పవరాంప్ చదువుతుంది. చదవని ప్లేయర్లో పెడితే ఏ మార్పూ వినపడదు, స్కాన్ పనిచేయలేదని కంగారు పడకండి.

[తెర మీద: ఈక్వలైజర్, ఐదు గీతలు.]

ఇక ఈక్వలైజర్. Quiet పెట్టగానే బావ అన్న మొదటి మాట, "బాస్ పోయిందిరా." పోలేదు. సౌండ్ తగ్గితే మన చెవికి కింది స్వరాలు మిగతావాటికంటే ఎక్కువగా తగ్గినట్టు అనిపిస్తాయి, ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి ముందు స్పీకర్ వాల్యూమ్ పెంచండి. బాస్ దానంతట అదే తిరిగి వస్తుంది.

బావ ఫోన్‌లో ఇంకో సంగతి బయటపడింది. యాప్‌లో బాస్ బూస్ట్, ఫోన్ సెట్టింగ్స్‌లో ఇంకో బాస్ బూస్ట్, స్పీకర్ మీద బాస్ బటన్, మూడూ ఆన్. కొత్త పాటలో డప్పు పడ్డప్పుడల్లా గరగరమంటోంది, ఆయనేమో స్పీకర్ పాడైందనుకుంటున్నాడు. దీన్ని తేల్చడం సులువే. ఫోన్ వాల్యూమ్ బాగా తగ్గించండి. గరగర పోతే స్పీకర్ మోయలేకపోతోందన్నమాట. వాల్యూమ్ తగ్గించినా గరగర అలాగే ఉంటే, శబ్దం ఫోన్ లోపలే పైకప్పుకి గుద్దుకుంటోంది. అప్పుడు ఈక్వలైజర్ ఆఫ్ చేసి వినండి. బావ దగ్గర ఆఫ్ చేయగానే పోయింది.

మూడూ ఆఫ్ చేసి, గీతలన్నీ సున్నా మీద పెట్టి ఒక రోజు వినండి. ఆ తర్వాత కావాలనుకుంటే ఒక్కచోటే మార్చండి, అదీ పెంచడం కంటే తగ్గించడం మేలు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐదు గీతలు 60, 230, 910, 3600, 14000 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. గొంతు కుండలోంచి వస్తున్నట్టు ఉంటే 230ని ఒక 3 తగ్గించండి. మాటలు స్పష్టంగా లేకపోతే 3600ని 2 పెంచండి, చాలు. పాత పాట పల్చగా ఉందని 60 పెంచితే కొత్త బాస్ పుట్టదు, ఆనాటి రికార్డింగ్‌లో అంతగా లేనిదాన్ని ఈక్వలైజర్ తేలేదు, ఉన్న కరెంటు గుంయ్ శబ్దమే పెద్దదవుతుంది. 14000 పెంచితే టేపు బుస పైకొస్తుంది.

[తెర మీద: ఒక పాట అలలు సన్నబడుతూ, ఇంకో పాట అలలు పెరుగుతూ.]

క్రాస్‌ఫేడ్ సంగతి చిన్నదే. ఒక పాట చివరిని, తర్వాతి పాట మొదటిని ఒకదానిమీద ఒకటి కలుపుతుంది. స్పాటిఫైలో సున్నా నుంచి 12 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. వాల్యూమ్ తేడాని ఇది తగ్గించదు, ఆ కుదుపు మెల్లగా వచ్చేలా చేస్తుంది అంతే. బావ పన్నెండు పెట్టాడు. ఫలితంగా ఘంటసాల గొంతెత్తకముందు వచ్చే ఆ మెత్తటి ఆలాపన, వేణువు, వెళ్ళిపోతున్న పాట డప్పుల కింద నలిగిపోతున్నాయి. ఘంటసాల సంగీతం నేర్చుకున్నది ఈ ఊళ్ళోనే, ఆయన పాట ఎత్తుగడ ఇక్కడే వినపడకుండా పోతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. రెండు సెకన్లకి తగ్గించాను. కచేరీ, హరికథ లాంటివి ముక్కలుగా ఉండి ఒకదానికొకటి అతుక్కుని సాగేవైతే సున్నా పెట్టి, ముక్కల మధ్య ఖాళీ రాకుండా చేసే గ్యాప్‌లెస్ ఆన్ చేయండి, లేకపోతే అతుకు దగ్గర మాట మీద మాట పడుతుంది.

మీరూ పరీక్షించుకోండి. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మెత్తటి పాత పాట, అన్నిటికంటే గట్టి కొత్త పాట పక్కపక్కన పెట్టండి. మొదలు కాదు, పల్లవి దగ్గర వినండి, ఎందుకంటే నార్మలైజేషన్ పాట మొత్తానికి లెక్క వేస్తుంది, మెత్తగా మొదలయ్యే పాట ఆ తర్వాత కూడా మెత్తగానే మొదలవుతుంది.

[తెర మీద: మళ్ళీ హోటల్. ఫోన్ డబ్బు పెట్టె పక్కన బోర్లా పెట్టి ఉంది. బావ అట్టు తిప్పుతున్నాడు, పాట మారింది, చెయ్యి పెనం మీదే ఉంది.]